ఒకే పేరున్న రెండు 'జూలై' ఫైళ్లు, వాటి వల్ల చెరిగిపోయిన నా వివరాల గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: తెలుగు ఫైలు పేర్లను మీ సింక్ అప్లికేషన్ పోల్చే పద్ధతిలో ఉన్న లోపం.

అయ్యా / అమ్మా,

మీ సేవకు చందా కడుతున్న వినియోగదారుణ్ణి. ఇదే విషయమై ఇంతకుముందు రాసినప్పుడు, ఇది ఫాంట్ సమస్య అని, ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లు పెట్టుకోమని మీ సిబ్బంది జవాబిచ్చారు. ఇది ఫాంట్ సమస్య కాదని చూపడానికే మళ్లీ రాస్తున్నాను.

విండోస్ కంప్యూటర్‌లో నెలకొకటి చొప్పున పన్నెండు ఫైళ్లు తయారుచేసి మీ ఫోల్డర్‌లో ఉంచాను. మ్యాక్‌లో అదే ఫోల్డర్‌ను హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పాత డిస్క్‌లో పెట్టుకున్నాను. సింక్ అయ్యాక విండోస్‌లో చూస్తే పదకొండు నెలలు ఒక్కొక్కటే ఉన్నాయి, జూలై మాత్రం రెండు ఉన్నాయి. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవు కదా అని, పేర్ల వెనుక ఉన్న కోడ్‌లను బయటకు తీశాను:

```
'\u0c1c\u0c42\u0c32\u0c48.xlsx'
'\u0c1c\u0c42\u0c32\u0c46\u0c56.xlsx'
```

ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: U+0C48 అనే ఒకే సంకేతంగా, లేదా ఎత్వం U+0C46, దాని తర్వాత ఐత్వపు కింది గుర్తు U+0C56గా. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది. కలిపి రాసే రూపాన్ని ఎన్‌ఎఫ్‌సీ అని, విడదీసి రాసే రూపాన్ని ఎన్‌ఎఫ్‌డీ అని అంటారు. తెలుగు అక్షరాల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. పన్నెండు నెలల పేర్లలో ఐత్వం ఉన్నది జూలైలోనే. తక్కిన పదకొండూ క్షేమంగా ఉండటానికి కారణం అదే తప్ప మీ అప్లికేషన్ జాగ్రత్త కాదు.

హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఏ పేరునైనా విడదీసే దాచుకుంటుంది. మీ అప్లికేషన్ తాను దించిన ఫైలునే ఆ డిస్క్‌లో మళ్లీ చదివి, బైట్లు తేడాగా కనిపించగానే కొత్త ఫైలు అనుకుని సర్వర్‌కు పంపింది. పేర్లను ఉన్నవి ఉన్నట్టుగా దాచే విండోస్‌లో అవి రెండు వేర్వేరు ఫైళ్లుగా దిగాయి. మీ వెబ్ పేజీలో రెండో పేరు చివర 'లె' పక్కన చుక్కల వలయం, దాని కింద విడి గుర్తు కనిపించాయి. అక్కడి ఫాంట్‌లో U+0C56 లేకపోవడంతో ఆ ఒక్క గుర్తునూ వేరే ఫాంట్ నుంచి తెచ్చుకున్నందువల్ల అలా జరిగి ఉండాలి. మీ సిబ్బంది చూసింది దీన్నే. ఫాంట్ మార్చితే వలయం పోతుంది గాని రెండు ఫైళ్లు ఒకటి కావు.

అంతటితో ఆగితే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. తర్వాత ఆరు రోజుల పాటు మ్యాక్ తెరవకుండా, విండోస్‌లోని మొదటి జూలై ఫైలులోనే వివరాలు ఎక్కించాను. ఆపై పాత డిస్క్ పక్కన పెట్టి, ఏపీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ ఉన్న కొత్త మ్యాక్‌లో మీ అప్లికేషన్ పెట్టాను. ఏపీఎఫ్‌ఎస్ పేరును ఇచ్చిన రూపంలోనే దాచినా, వెతికేటప్పుడు రెండు రూపాలనూ ఒకటిగానే చూస్తుంది. కాబట్టి అక్కడ జూలై ఒక్కటే ఉండగలదు. ముందు నా కొత్త ఫైలు దిగింది, దాని మీద పాతది దిగి చెరిపేసింది. ఆ తర్వాత మీ అప్లికేషన్, మొదటి ఫైలును నేనే మార్చానని భావించి, ఆ పాత వివరాలనే సర్వర్‌కూ, అక్కడి నుంచి విండోస్‌కూ పంపింది. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు.

కనుక నేను కోరేవి ఇవి. మొదటిది, U+0C48 ఉన్న ఫైలుకు కొత్త మ్యాక్‌ను చేర్చడానికి ముందున్న ప్రతిని పునరుద్ధరించాలి. మీ చరిత్ర పేజీలో రెండు పేర్లనూ చూసి పొరబడే వీలుంది కాబట్టి, దయచేసి పేరును కాక కోడ్‌ను చూసి వెతకండి. క్రితంసారి మీవారు విడదీసిన పేరున్న ఫైలు చరిత్రనే చూసి, పాత ప్రతులేవీ లేవన్నారని నా అనుమానం.

రెండోది, పేర్లను పోల్చే ముందు రెండింటినీ ఎన్‌ఎఫ్‌సీకి మార్చి పోల్చాలి. పోలికకు మాత్రమే మార్చండి, డిస్క్‌లో ఉన్న పేరును మాకు చెప్పకుండా తిరగరాయవద్దు. ఇప్పటికే జంటగా ఉన్న ఫైళ్లను ఒకదానిపై ఒకటి రాయక, రెండో దానికి వేరే పేరు పెట్టి మాకు తెలియజేయాలి. 'సాఫ్ట్‌వేర్' వంటి పేర్లలో పొల్లు తర్వాత వచ్చే, కంటికి కనబడని U+200C సంకేతం సంగతి వేరు. అది ఉన్న పేరు, లేని పేరు ఎన్‌ఎఫ్‌సీలో కూడా వేర్వేరుగానే ఉంటాయి, వాటి రూపం కూడా తేడాగా కనిపిస్తుంది. శుభ్రం చేస్తున్నామనుకుని దాన్ని తొలగించకండి.

పై రెండు కోడ్ వరుసలతో, వేర్వేరు వివరాలున్న రెండు ఫైళ్లను విండోస్‌లో సృష్టించి, ఏపీఎఫ్‌ఎస్ డిస్క్ ఉన్న మ్యాక్‌కు సింక్ చేస్తే మీ ఇంజనీర్లకు ఇదంతా కళ్లముందే కనిపిస్తుంది. వారు చూసిన ఫలితాన్ని, నా ఫైలు తిరిగి దొరుకుతుందో లేదో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
మీ చందాదారు