పదకొండు పాయింట్ నలభై మూడు అంటే ఎంతండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది విజయవాడ కృష్ణలంక. మా అమ్మకి చూపు సరిగ్గా ఆనట్లేదు, అందుకని రోజూ పొద్దున కాఫీ తాగేటప్పుడు మీ పేపర్ నేనే పైకి చదివి వినిపిస్తా. కంటితో చూసుకునేటప్పుడు ఇబ్బంది లేని అంకెలు నోటితో చదివితే ఎలా మారిపోతాయో నాకు అలా తెలిసొచ్చింది. దాని గురించే ఈ ఉత్తరం.

2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీకి వచ్చిన వరద గుర్తుండే ఉంటుంది, 11.43 లక్షల క్యూసెక్కులు. ఆ రోజు మా వీధిలో అందరం గుమ్మాల్లో కూర్చుని ఫోన్లో వార్తలు పెద్ద సౌండ్ పెట్టుకుని వింటున్నాం. "పదకొండు పాయింట్ నలభై మూడు లక్షలు" అని చదివారు, వెంటనే "బ్యారేజీ కెపాసిటీ పదకొండు పాయింట్ తొమ్మిది లక్షలు" అన్నారు. మా పక్కింటి బాబాయ్ ఒక్కసారి లేచి నిలబడ్డాడు. "తొమ్మిదికి కట్టిన దాని మీదకి నలభై మూడు వచ్చిందంటే ఇంకేముందిరా" అని పిన్నికి కాళ్ళ నొప్పులున్నా సరే మెట్లు దింపి తీసుకుపోయాడు. అప్పుడు ఖాళీ చెయ్యడం మంచిదే, అధికారులూ అదే చెప్తున్నారు, నేను దాన్ని తప్పనట్లేదు. కానీ ఆయన వెళ్ళింది బ్యారేజీ తట్టుకునే లెక్క దాటిపోయిందనుకుని, రాత్రంతా చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పింది కూడా అదే. ఆ వరదలోనే పడవలు కొట్టుకొచ్చి గేట్లకి తగులుకున్నాయి కదా, దాంతో ఆ మాట ఇంకా గట్టిగా నమ్మారు.

నిజానికి దాటలేదండీ. కెపాసిటీ 11 లక్షల 90 వేలు, వచ్చింది 11 లక్షల 43 వేలు, ఇంకా 47 వేలు తక్కువే. 2009 అక్టోబర్ వరదని "పదకొండు పాయింట్ ఒకటి" అంటారు, అది 11 లక్షల 10 వేలు. ఈ మూడింటినీ చెవితో విన్న మనిషికి పాయింట్ తర్వాత వినపడేది ఒకటి, తొమ్మిది, నలభై మూడు. అసలు వరుస పది వేలు, నలభై మూడు వేలు, తొంభై వేలు. కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుంటే చిన్న పిల్లాడు కూడా చెప్తాడు ఏది పెద్దదో, కానీ గాల్లో విన్నప్పుడు పాయింట్ అనేది ఎవరికీ నిలవదు, దాని తర్వాత వచ్చిన మాటే నిలుస్తుంది. పాయింట్ తీసేసి "పదకొండు లక్షల నలభై మూడు వేలు" అంటే ఎవరూ పొరపడరు. అప్పుడు రెండోది "పదకొండు లక్షల తొంభై వేలు" అవుతుంది, తొంభై నలభై మూడు కంటే పెద్దదని చెప్పక్కర్లేదు. అలా అని 11,43,201 అని చివరి అంకె దాకా చదవడం కూడా వద్దు, ఆ 201 చదివేసరికి మొదటి లక్షలు మర్చిపోతారు. ఎన్నికల్లో మెజారిటీ లాంటివైతే వేరు, అక్కడ ఒక్క ఓటు కూడా లెక్కే కాబట్టి మొత్తం చదవాలి.

ఇంకో సంగతి, లక్షల క్యూసెక్కులంటే ఎంత నీళ్ళో బ్యారేజీ పక్కన పుట్టి పెరిగిన నాకే చాలా ఏళ్ళు తెలీదు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. ఆ లెక్కన ఆ రోజు సెకనుకి 3 కోట్ల 20 లక్షల లీటర్ల పైనే పారాయి. ఇది కూడా మా అమ్మకి ఎక్కలేదు, కోట్ల లీటర్లు ఎవరు చూశారు. అప్పుడు వేరేగా చెప్పా: బ్యారేజీ నిండితే పట్టేది 3.07 టీఎంసీ, ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, ఆ 307 కోట్లని 11 లక్షల 43 వేలతో భాగిస్తే దాదాపు 2,690 సెకన్లొస్తాయి. అంటే ఖాళీగా ఉన్న బ్యారేజీని ముప్పావు గంటలో నింపేసేంత నీరు. అది విని అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అమ్మో, మనం అన్నం తినేంత సేపే కదరా" అంది. ఈ ముప్పావు గంట ఆమెకి ఇప్పటికీ గుర్తుంది, అంకె మాత్రం లేదు.

డబ్బు దగ్గర కూడా ఇదే గొడవ. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. మూడు లక్షల ఇరవై రెండు వేల కోట్లు అని సరిగ్గా చదివినా లక్షలు, వేలు, కోట్లు ఒకేసారి మీద పడి వినేవాళ్ళకి "చాలా" అని తప్ప ఇంకేం అర్థం కాదు. దీనికి నేను ఒక లెక్క పెట్టుకున్నా. మన రాష్ట్ర జనాభా దాదాపు 5 కోట్లు, కాబట్టి లక్ష కోట్లంటే మనిషికి 20 వేలు, వెయ్యి కోట్లంటే మనిషికి 200, వంద కోట్లంటే మనిషికి 20 రూపాయలు. బడ్జెట్ అలా చూస్తే మనిషికి 64 వేల పైన, నలుగురున్న ఇంటికి రెండున్నర లక్షలు దాటుద్ది. అంత డబ్బు ఇంటికొస్తుందని కాదు, ఎంత పెద్దదో చెప్పడానికి మాత్రమే. ఏదైనా పనికి వంద కోట్లు ఇచ్చారన్నప్పుడు కూడా మా అమ్మ ఇప్పుడు "మనిషికి ఇరవై రూపాయలు" అనుకుని, ఆ పనికి అది చాలుద్దా చాలదా అని అడుగుద్ది.

విదేశీ వార్తల్లో మిలియన్, బిలియన్ అలాగే వదిలేస్తున్నారు, దయచేసి మార్చి రాయండి. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు. మిలియన్ అంటే లక్ష అనుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, వాళ్ళకి ప్రతి లెక్కా పదో వంతుకి పడిపోద్ది.

శాతాల దగ్గర ఇంకా కష్టం. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, 6.50 శాతం నుంచి 6.25 శాతానికి తగ్గించింది. "ఇరవై ఐదు బేసిస్ పాయింట్లు" అని విని, మా వీధి చివర టిఫిన్ బండి పెట్టుకున్న అన్న, నా లోన్ కిస్తీలో పాతిక శాతం పోద్దని సంబరపడ్డాడు. తగ్గింది పావు శాతం. మనకి పావు, అర, ముప్పావు అనే మాటలు ఉండగా సున్నా పాయింట్ రెండు ఐదు ఎందుకండీ? పావు శాతం అంటే లక్షకి ఏడాదికి 250 రూపాయలు, ఆయన బ్యాంక్ ఆ పావు శాతమూ పూర్తిగా తగ్గించినా 20 లక్షల లోన్ మీద ఏడాదికి 5 వేలు. ఈ ఒక్క ముక్క వార్త పక్కనే ఉంటే ఆయన అంత ఆశ పెట్టుకునేవాడు కాదు. వడ్డీని నెలకి నూటికి రూపాయి, రెండు రూపాయలు అని మాట్లాడుకునే ఊళ్ళు మనవి, రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం అని మార్కెట్లో అందరికీ తెలుసు. ఆ భాషలో చెప్తే అందకుండా పోయేది ఏమీ ఉండదు.

మీ పేపర్లో అంకెలు తప్పుగా వస్తున్నాయని నా కంప్లైంట్ కాదు. నేను అడిగేది ఒకటే, అంకె రాసే మనిషి పేజీ పంపే ముందు ఒకసారి దాన్ని పైకి చదివి వినమనండి. ఈసారి కృష్ణకి వరదొస్తే హెడ్డింగ్‌లో పాయింట్ లేకుండా లక్షలు, వేలు వెయ్యండి, దాని కిందే బ్యారేజీ కెపాసిటీ కూడా అలాగే వెయ్యండి, ఇంకా ఎన్ని వేలు ఖాళీ ఉందో కూడా రాయండి. మా బాబాయ్‌కి నేనే చదివి వినిపిస్తా.

ఇట్లు,
మీ పాఠకుడు,
కృష్ణలంక, విజయవాడ