సుగ్గి అంటే వలస కాదంట

సంపాదకుడు గారికి,

ఆదోని, కోసిగి వైపు పల్లెలకు వలసల గురించి పరిశోధన చేసేవాళ్లు ఏటా వస్తుంటారు. చేతిలో ప్రశ్నల పత్రం, జేబులో రికార్డర్. అట్లాంటి ఒక అధ్యయనంలో, జనం చెప్పిన జవాబులకు చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని సరిచూసే పని నాకు దొరికింది. అందులో చూసిందే రాస్తున్నాను.

ప్రశ్నల పత్రం ముందు ఇంగ్లీషులో తయారైంది. దాన్ని ఎక్కడో ఆఫీసులో తెలుగు చేశారు. ఒక ప్రశ్న ఇట్లుంది: "మీ కుటుంబం వలస వెళ్లే నిర్ణయాన్ని ప్రభావితం చేసే అంశాలు ఏమిటి?" రికార్డింగులో ఒకామె జవాబు: "వలస యాడ పోయినాం సార్? మేం ఈడనే ఉండాం గదా." అడిగినాయన పత్రంలో ఉన్న సూచన ప్రకారం ఆ భాగం వదిలేసి ముందుకు పోయాడు. అరగంట తర్వాత పిల్లల చదువు మాట వచ్చినప్పుడు అదే మనిషి, "సుగ్గికి పోయేటప్పుడు పిల్లోళ్లను ఎంట తోల్కొని పోతాంటిమి" అంది. గుంటూరు వైపు మిరపకోతలకు ఇంటిల్లిపాదీ పోయి, నెలల తరబడి అక్కడే ఉండి రావడమే సుగ్గి. ఆమె లెక్కలో వలసంటే ఇల్లూ వాకిలీ వదిలేసి పోవడం. సుగ్గి పని. మళ్లీ తిరిగొస్తారు కదా!

ఆ పత్రానికి పరీక్ష చెయ్యలేదని కాదు. తెలుగు ప్రశ్నల్ని, మూలం చూడని ఇంకొకరి చేత మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి, రెండూ పోల్చారు. 1970లో బ్రిస్లిన్ అనే ఆయన రాసిన వ్యాసం తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి అది. చిక్కేమంటే, "వలస" అన్న మాట తిరిగి ఇంగ్లీషులోకి పోయినప్పుడు చక్కగా మొదటి మాటే వచ్చింది. పరీక్ష పాస్. రెండు భాషలూ చదువుకున్న ఇద్దరు ఒకే నిఘంటువు మాటను ఒప్పుకున్నారన్న సంగతి మాత్రమే దాంతో తెలుస్తుంది. కోసిగిలో కూలికి పోయే మనిషికి అది ఎట్లా వినిపిస్తుందో తెలియదు. అది తెలియాలంటే అచ్చు వెయ్యకముందు ఊళ్లో నలుగురైదుగురికి ప్రశ్న చదివి, "నేనేం అడిగినానో నీ మాటల్లో చెప్పమ్మా" అనాలి. ఒక పూట పని. "కోతలకని యాడికైనా పోతారా? పోయినసారి ఎట్ల పోయినారో చెప్పండి" అని అడిగితే చాలు, వాళ్లే గంటసేపు చెప్తారు. "ఎందుకు పోయినారు" అంటే మాత్రం నిలదీసినట్టుంటుంది, జవాబు పొట్టిగా వస్తుంది.

పత్రంలో మాట జనానికి పట్టనప్పుడు అడిగేవాళ్లు సొంతంగా మార్చేస్తారు. ఒకరు "కూలికి పోతారా" అన్నారు, ఇంకొకరు "బెంగుళూరుకు పోతారా" అన్నారు. జవాబులు మాత్రం ఒకే ప్రశ్న కింద చేరాయి. అందుకే రికార్డింగులో జవాబు ఒక్కటే వింటే చాలదు, అడిగిన మాట కూడా వినాలి.

ఇక తిరుగు ప్రయాణం, అంటే జనం జవాబులు ఇంగ్లీషులోకి పోవడం. అనువాదకుడు మా వైపు మనిషి కాదు. సుగ్గిని "పంట కోత" అని ఇంగ్లీషు చేశాడు. దాంతో విశ్లేషించేవాళ్లు ఆ కుటుంబాన్ని సొంత సేద్యం చేసుకునే వాళ్లలో వేశారు. ఇంకొకాయన "మేస్త్రీ ముందే లెక్క ఇచ్చినాడు, పోకుంటే ఇడ్సడు" అన్నాడు. ఇక్కడ లెక్క అంటే డబ్బు. అనువాదంలో మేస్త్రీ ముందుగానే ఖాతా వివరాలు అప్పజెప్పిన పద్ధతిగల మనిషి అయిపోయాడు. చదివి నవ్వొచ్చింది. కానీ అడ్వాన్సు తీసుకున్నందుకు తప్పనిసరిగా పోవాల్సి రావడమనే అసలు సంగతి ఆ వాక్యంలో లేకుండా పోయింది.

ఈ తప్పులు పట్టుకోవడం ఎందుకు కష్టమైందంటే, జవాబుల్ని తెలుగులో రాయనే లేదు. రికార్డింగు వింటూ నేరుగా ఇంగ్లీషు టైప్ చేశారు. గంట రికార్డింగును ఉన్నదున్నట్టు రాయడానికి నాకు ఐదారు గంటలు పడుతుంది, అనువాదానికి మళ్లీ అంత. ఖర్చు తగ్గించాలంటే మొదట తెగేది తెలుగు ప్రతే. అది లేకపోతే సరిచూసేవాళ్లు మొత్తం మళ్లీ వినాలి. అన్ని గంటలకు డబ్బులెవరిస్తారు? నాకు ఇచ్చింది నాలుగు ఇంటర్వ్యూలకే, మిగతావి అట్లే పోయాయి.

మన జిల్లాలో అధ్యయనాలు చేయించే శాఖలను, విశ్వవిద్యాలయాలను, సంస్థలను నేను కోరేది ఒకటే. బడ్జెట్‌లో తెలుగు ప్రతి రాసే గంటలు విడిగా చూపించండి. ఐదు ఇంటర్వ్యూల్లో కనీసం ఒకదాని అనువాదాన్నైనా ఆ ప్రాంతం మనిషి చేత రికార్డింగుతో పోల్చి చూపించండి. సుగ్గి లాంటి మాటను ఇంగ్లీషులోనూ అట్లే ఉంచి, పక్కన ఒక వాక్యం వివరణ రాయండి. పేర్లు, ఊళ్లు తీసేసి తెలుగు ప్రతిని దాచిపెడితే రేపు అనుమానం వచ్చినవాళ్లు తీసి చూసుకుంటారు.

– ఒక అనువాదకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా