ప్రొబేట్ రద్దు మన జిల్లాకు కొత్త వరమేమీ కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో "వీలునామాలకు ఇక ప్రొబేట్ బాధ లేదు" అంటూ వచ్చిన వార్త చదివి, ఒకట్రెండు రోజుల్లో సవరణ వేస్తారని ఎదురు చూశాను. వెయ్యలేదు. పైగా మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆ కటింగ్ తెచ్చి, "ఇంక విల్లు కోర్టులో రుజువు చెయ్యక్కర్లేదంట కదా సార్" అని అడిగారు. జిల్లా కోర్టులో చాలా ఏళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషిని. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ప్రొబేట్ అంటే విల్లు నిజమైనదేనని కోర్టు తేల్చి ఇచ్చే ధ్రువపత్రం. పార్లమెంటు 2025 డిసెంబరులో భారత వారసత్వ చట్టం, 1925 నుంచి, అది తప్పనిసరి అనే 213వ సెక్షన్‌ను తీసేసిన మాట నిజమే. కానీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని హిందువులు ఇక్కడే రాసిన విల్లులకు, ఇక్కడి ఇళ్లు, పొలాల వరకు ఆ సెక్షన్ ఎన్నడూ వర్తించలేదు. హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నియమం పాత బెంగాల్ పాలనలోని ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి హైకోర్టులు నేరుగా దావాలు విచారించే ఒరిజినల్ పరిధిలో ఉన్న నగరాలకు మాత్రమే. నెల్లూరు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది గానీ మద్రాసు నగరంలో లేదు కదా. మనవాళ్లు విల్లు ఇక్కడ రాసి, ఆస్తి కూడా ఇక్కడే ఉంటే ప్రొబేట్ లేకుండానే హక్కు అడగొచ్చు. ముస్లింలకు ఆ సెక్షన్ మొదటినుంచీ లేదు. భారతీయ క్రైస్తవులకు 2002లోనే తీసేశారు. మీరు వరమని రాసింది ఇక్కడివాళ్లకు ముందు నుంచీ ఉన్నదే.

మరి ఇన్నేళ్లూ మన ఆఫీసుల్లో "ప్రొబేట్ తీసుకురావలెను" అని ఎందుకు రాశారు? మీ విలేఖరి అడగాల్సిన ప్రశ్న అది. మా మేనమామగారి సంగతే చెబుతాను. ఆయన 2016లో పోయారు. ఊళ్లో ఇల్లు, కొంచెం పొలం, చెన్నై మైలాపూరులో ఒక ఫ్లాటు ఉండేవి. రిజిస్టరు చేయించిన విల్లు ఉంది. అందులో ఇల్లు అత్తయ్యకు, ఫ్లాటు చిన్నకొడుక్కు, పొలం పిల్లలందరికీ రాసి, విల్లును అమలు చేసే ఎగ్జిక్యూటరుగా తన బావమరిదిని పెట్టారు. ఇంటి పన్ను అత్తయ్య పేరుకు మార్చమని అడిగితే ఆఫీసులో ప్రొబేట్ అడిగారు. ఇంటి విషయంలో పిల్లలందరూ అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇచ్చినా వినలేదు. ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమంటే రాసివ్వలేదు. చనిపోయిన మనిషి పేరు మీద వచ్చే పన్ను నోటీసులకు అత్తయ్య ఏళ్ల తరబడి డబ్బు కడుతూనే ఉంది.

అడిగేవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలియదు. ప్రొబేట్ అనేది విల్లులో ఎగ్జిక్యూటరుగా పేరున్నవాళ్లకే ఇస్తారు. మన దస్తావేజు రైటర్లు రాసే విల్లుల్లో ఎక్కువ భాగం "నా తదనంతరం నా ఆస్తి ఫలానా కుమారునికి చెందవలెను" అని ముగుస్తాయి. ఎగ్జిక్యూటరు మాటే ఉండదు. అలాంటి విల్లుకు ప్రొబేట్ రాదు. ఆస్తి పొందేవాళ్లు, విల్లును జతచేసి, లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అనే కోర్టు అధికార పత్రం అడగాలి. రానిదాన్ని తెమ్మని ఫైలు పక్కన పెడితే ఆ కుటుంబం ఏం చెయ్యాలి?

మైలాపూరు ఫ్లాటు సంగతి వేరు. మద్రాసు నగరంలోని స్థిరాస్తి కాబట్టి, విల్లు నెల్లూరు జిల్లాలో రాసినా అప్పట్లో దానికి ప్రొబేట్ తప్పనిసరే. చెన్నైలో ఇళ్లున్న నెల్లూరువాళ్లు ఎంతమందో మీకు తెలియనిది కాదు. ఇక్కడే ఊళ్లో వకీలు ఒకాయన జిల్లా కోర్టులో వేద్దామన్నారు. వేస్తే ఇస్తారు కూడా. కానీ జిల్లా జడ్జి ఇచ్చే ప్రొబేట్ మామూలుగా ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. బయటి రాష్ట్రంలో ఉన్న ఆస్తి విలువ పదివేల రూపాయలు దాటకపోతేనే దేశమంతా చెల్లేలా ఇవ్వగలరు. పదివేలకు మైలాపూరులో ఏమొస్తుంది? అందుకే మద్రాసు హైకోర్టులో వేయించాం. హైకోర్టు ఇచ్చినది దేశమంతటా చెల్లుతుంది.

ఎగ్జిక్యూటరు ఏమేం దాఖలు చెయ్యాలన్నది మీ వార్తలో ఒక్క ముక్క లేదు. మనిషి పోయిన ఏడు రోజులదాకా ప్రొబేట్ ఇవ్వరు. పిటిషన్‌కు అసలు విల్లు జతచేయాలి, జిరాక్సు కాదు. ఆ అసలు విల్లు ఇక కోర్టులోనే ఉండిపోతుంది, మన చేతికొచ్చేది దాని నకలు జతచేసి సీలు వేసిన ప్రొబేట్. ఇది తెలియక అసలును ఇనప్పెట్టెలో పెట్టుకుని, జిరాక్సు మీద పిటిషన్ వేసి, వాపసు తెచ్చుకునేవాళ్లను ఎంతమందినో చూశాను. పిటిషన్‌లో చనిపోయిన తేదీ, ఇది ఆయన చివరి విల్లేననీ, పద్ధతి ప్రకారం సంతకాలు జరిగాయనీ, చేతికి రాబోయే ఆస్తి విలువ ఎంతనీ, తానే అందులో పేరున్న ఎగ్జిక్యూటరుననీ రాయాలి. ఆ కోర్టు పరిధిలో ఆయన కాపురం గానీ ఆస్తి గానీ ఉన్నట్టు చెప్పాలి. మరణ ధ్రువపత్రం, దగ్గరి వారసుల పేర్లు, చిరునామాలు, ఆస్తి విలువల పట్టిక, దాన్ని బట్టి కోర్టు ఫీజు మామూలే. దొరికితే విల్లు సాక్షుల్లో కనీసం ఒకరు కూడా పిటిషన్ మీద ధ్రువీకరణ చెయ్యాలి. తర్వాత వారసులకు నోటీసులు వెళ్తాయి, కోర్టు చెప్తే పేపర్లో ప్రకటన వస్తుంది.

మావాళ్లకు దెబ్బ తగిలింది సాక్షి దగ్గర. విల్లుకు సాక్షులు ఇద్దరు, ఒకాయన రిటైర్డ్ టీచరు, ఇంకొకాయన అప్పట్లో పక్కింట్లో ఉండి తర్వాత హైదరాబాదు వెళ్లిపోయిన మనిషి. ఊళ్లో దొరికేది టీచరుగారే కాబట్టి ఆయనతో అఫిడవిట్ వేయించారు. వకీలుగారి గుమాస్తా, అన్ని విల్లులకూ టైపు చేసే మాటే టైపు చేశాడు. "అందరమూ ఒకే చోట కూర్చుని, ఆయన సంతకం చెయ్యగా చూసి, మేమూ చేశాము" అని. టీచరుగారికి చదివి వినిపించలేదు. ఇంతలో ఫ్లాటు విషయంలో పెద్దకూతురు అభ్యంతరం చెబుతూ కేవియట్ వేసింది. దాంతో అది మామూలు పిటిషన్ కాస్తా దావాగా మారింది. బోనెక్కిన టీచరుగారిని అవతలి వకీలు ఒక్కటే అడిగాడు.

"సంతకం పెడుతుంటే మీరు చూశారా?"

"నేను వెళ్లేసరికే సంతకం అయిపోయింది," అన్నారాయన.

కోర్టు హాల్లో ఎగ్జిక్యూటరుగారి ముఖం పాలిపోయింది. కానీ టీచరుగారు అబద్ధం చెప్పలేదు, విల్లుకూ అంతటితో నూకలు చెల్లలేదు. సాక్షి తన కళ్లతో సంతకం చూడాలని చట్టం పట్టుబట్టదు. రాసిన మనిషి "ఇది నా సంతకమే" అని స్వయంగా ఆయనతో ఒప్పుకున్నా చాలు. తర్వాత సాక్షి కూడా రాసిన మనిషి ఎదుటే సంతకం పెట్టాలి. ఇద్దరు సాక్షులూ ఒకేసారి అక్కడ ఉండాలని కూడా లేదు. మా వకీలు తిరిగి అడిగితే టీచరుగారు, "కాగితం నా ముందు పెట్టి, ఈ సంతకం నాదే మాస్టారూ, మీరూ వెయ్యండి అన్నాడు, ఆయన చూస్తుండగా వేశాను" అన్నారు. ఆయన వరకు సరిపోయింది. రెండో సాక్షి సంతకం ఎలా పడిందో మాత్రం ఆయనకు తెలియదు. ఇద్దరు సాక్షులూ సక్రమంగా సంతకం చేశారని తేలాలి కదా. చివరికి హైదరాబాదు నుంచి ఆ పక్కింటాయనను పిలిపించి, సంతకం చేసేటప్పుడు పక్కనే ఉన్నానని చెప్పించాక గండం గడిచింది. అఫిడవిట్‌లో ఒక మాట, బోనులో ఒక మాట అన్న అనుమానాన్ని తీర్చడానికే ఎంతో కాలం పోయింది. సాక్షిని ముందు కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు రాసుంటే ఈ తలనొప్పే ఉండేది కాదు.

2021లో ప్రొబేట్ వచ్చింది. అది చూపించాకే ఊళ్లో ఇంటి పన్ను అత్తయ్య పేరుకు మార్చారు. ఏమాత్రం అక్కర్లేని ఇంటికి, అక్కర ఉన్న ఫ్లాటుతో పాటు ఐదేళ్లు తాళం వేసినట్టయింది. దీనికి ఎవరు జవాబు చెప్తారు? ఆ అధికారి ఎప్పుడో బదిలీ అయ్యుంటాడు. ఆస్తి మార్పిళ్లు చూసేవాళ్లకు వారసత్వ చట్టం మీద ఒక్క పూట శిక్షణ ఇవ్వరు, ఇవ్వాలని అడిగేవాళ్లూ లేరు. బల్ల మీద పాత ఫైల్లో ఏముంటే కొత్త ఫైల్లోనూ అదే దిగుతుంది.

ప్రొబేట్ చేతికొచ్చినా ఎగ్జిక్యూటరు పని అయిపోదు. ఆరు నెలల్లో ఆస్తులు, అప్పులు, రావాల్సిన బాకీలు అన్నీ రాసిన జాబితా, ఏడాదిలో వచ్చింది పోయింది లెక్క కోర్టులో దాఖలు చెయ్యాలి. కావాలని ఎగ్గొడితే ఇచ్చిన ప్రొబేట్‌ను రద్దు చేసే అధికారం కోర్టుకుంది. ఇది చెప్పే వకీళ్లు తక్కువ, అడిగే ఎగ్జిక్యూటర్లు ఇంకా తక్కువ.

మీ వార్త చదివినవాళ్లు ఇప్పుడు రెండో తప్పులో పడుతున్నారు. 213 పోయింది గానీ, విల్లుకు ఇద్దరు సాక్షులుండాలన్న 63వ సెక్షన్ పోలేదు. తగాదా వస్తే కనీసం ఒక సాక్షిని కోర్టుకు పిలవాలన్న నియమం భారతీయ సాక్ష్య అధినియంలో 67వ సెక్షన్‌గా అలాగే ఉంది. విల్లు రిజిస్టరైనా సరే ఇది తప్పదు. ప్రొబేట్ ఇచ్చే పద్ధతి కూడా ఎక్కడికీ పోలేదు, కావాలనుకున్నవాళ్లు ఇప్పటికీ అడగొచ్చు. అన్నదమ్ముల మధ్య పొత్తు కుదరనిచోట నేనైతే అడగమనే చెప్తాను. మామూలు దావాలో తీర్పు అందులోని పార్టీలకే కట్టుబాటు, ప్రొబేట్ అందరికీ కట్టుబాటు. అయితే అది ఈ విల్లు నిజమైనదని మాత్రమే తేలుస్తుంది. ఆ ఆస్తి రాసినాయనదా, పిత్రార్జితమా అన్న తగాదా వేరే దావాలో తేల్చుకోవాల్సిందే.

మీ పత్రిక మాట మా ఊళ్లో ఇప్పటికీ చెల్లుతుంది. కాబట్టి అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో సవరణ వెయ్యండి. ఇక్కడే రాసిన విల్లుల విషయంలో, ఈ జిల్లాల్లోని ఆస్తులకు హిందువుల నుంచి ప్రొబేట్ అడిగే హక్కు 2025కు ముందు కూడా ఏ ఆఫీసుకూ లేదని రాయండి. అడిగితే ఏ సెక్షనో రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలని కూడా రాయండి. మునిసిపల్, రెవెన్యూ ఆఫీసుల్లో ఈ కారణంతో ఆగిన ఫైళ్లు ఎన్ని ఉన్నాయో మీ విలేఖరులతో కనుక్కుని, ఆఫీసువారీగా లెక్క ప్రచురించండి.

— ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగి, నెల్లూరు జిల్లా