ల మ క గడి ఇంకా ఖాళీగానే ఉంది

తెనాలి,
సెప్టెంబరు మొదటి ఆదివారం, మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రాయనందుకు క్షమించరా. రోజూ రేపు రాద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి బీపీ మందు మార్చారు, పర్లేదు. వెనక గది పైకప్పు వేయించాం. సుబ్బత్తయ్య మోకాళ్ల నొప్పికి చూపించుకుందామని వచ్చి మా దగ్గరే ఉంది. వార్తలు అంతే. ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నాలుగు రోజుల్నించీ ఎవరికైనా చెప్పాలని కొట్టుకుపోతున్నాను, నువ్వయితేనే అర్థం చేసుకుంటావు.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కదా, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. దానికోసం మా బుజ్జి వాళ్ల తెలుగు మాస్టారు పిల్లలకి ఒక కాగితం ఇచ్చారు. దాని మీద ఉన్నవి మూడే అక్షరాలు: క, మ, ల. వీటితో ఎన్ని మాటలొస్తే అన్ని కట్టాలి. వీటిని ఏ వరసలోనైనా పెట్టుకోవచ్చు, ఏ అక్షరానికి ఏ గుణింతమైనా తగిలించుకోవచ్చు. మూడూ ఒక్కొక్కసారి రావాలి. ఒత్తులు ఉండకూడదు, సున్న ఉండకూడదు. బహువచనాలూ, విభక్తులు అతికించినవీ చెల్లవు. నిఘంటువులో తలపదంగా కనిపించే మాటే రాయాలి. ఇదేమంత పని అనుకుని, అన్నం తింటూ ఎడమచేత్తో రాసేద్దామని కూర్చున్నాను.

బుజ్జి కమల అంది. నేను కలము, కాలము, కులము అన్నాను. ఇంకేముంది అని అది పెన్సిలు కింద పెట్టేసింది. అప్పుడు నేను లెక్కలోకి దిగాను, నీకు తెలుసుగా నా సంగతి. మూడు అక్షరాలకి వరసలు ఆరు: కమల, కలమ, మకల, మలక, లకమ, లమక. ఋ సంగతి పక్కన పెడితే అ నుంచి ఔ దాకా గుణింతాలు పన్నెండు. అంటే ఒక్కో వరసకి 1,728 రూపాలు, ఆరింటికీ కలిపి 10,368. అన్నీ రాస్తే పిల్ల పెళ్లీడుకొస్తుంది. కానీ మన మాట తీరు చూడు. మొదటి అక్షరానికి పొట్టివీ పొడుగువీ అన్నీ వస్తాయి. రెండో మూడో చోట్ల మాత్రం అచ్చతెలుగు మాటల్లో ఎక్కువగా అ, ఇ, ఉ మాత్రమే వస్తాయి. పలుకు, కలిమి, పిడికిలి, ఏది తీసుకున్నా అంతే. ఐ, ఔ కూడా మొదట్లో వదిలేశాను. అప్పుడు మొదటి చోట పది, తర్వాత మూడు, ఆ తర్వాత మూడు. వరసకి 90. ఆరింటికీ 540. అదయితే ఒక రాత్రికి సరిపోయే పని.

ఇక ఒక్కో వరసా పట్టుకుని నోటితో తిప్పాం. చూసుకుంటూ పోతే అర్థమైంది, ఈ ఆటలో కంటికన్నా చెవికే ఎక్కువ పని. కాగితం మీద క-ల-మ చూస్తే కలము ఒక్కటే కనిపిస్తుంది. పైకి అంటే పక్క మాటలు వాటంతటవే దొర్లుకొస్తాయి. కలము, కాలము, కిలము లేదు, కీలము ఉంది, కులము, కూలము... కూలము దగ్గర ఆగాను. ఏటి ఒడ్డు అని అర్థం. కూలంకషంగా అంటామే, ఒడ్డును ఒరుసుకుంటూ పోవడం, అందులో ఉన్న కూలమే ఇది! ఇన్నేళ్లూ ఆ మాట వాడుతున్నాను, లోపల ఏరు ఉందని ఎప్పుడూ చూడలేదు. చివర ఇ పెట్టి తిప్పితే కలిమి, ఆ వెంటనే కొలిమి. మ-ల-క మీద పడేసరికి వానే కురిసింది. మొలక, మెలిక, మూలిక, మాలిక. ల-క-మ లో లోకము. క-మ-ల లో కోమలి. కోమలి అనగానే నీకెవరు గుర్తొచ్చారో నాకు తెలుసు. ఇక్కడ రాయను, మా చెల్లెమ్మ చదువుతుంది.

ఒకచోట మాత్రం బుజ్జికీ నాకూ పోట్లాట. "కాలం అంటాం గానీ కాలము అంటామా నాన్నా?" అంది. నిజమే. సున్న ఇవ్వలేదు కాబట్టి ము రాయాల్సి వచ్చింది. కాలం అని రాస్తే రెండక్షరాలే, మ మిగిలిపోతుంది. వాడుకభాష కోసం అంత పోరాడిన గిడుగు వారి పుట్టినరోజున పిల్లల చేత కాలము, లోకము రాయించడం నాకూ మనసొప్పలేదు. సున్నని కూడా ఇవ్వాల్సింది. ఈ మాట మాస్టారితో అన్నాను కూడా. వచ్చే ఏడు సున్న ఇస్తానన్నారు.

మ-క-ల వరసలో ఒక్క మకిలి దొరికింది. తొంభై రూపాలూ రెండుసార్లు తిప్పాం, ఇంకేం లేదు. పదిన్నరయింది. సుబ్బత్తయ్య మంచం మీంచి లేవబోతూ, "ఒరేయ్ నాన్నా, ఈ మోకాలు నన్ను కదలనివ్వట్లేదురా, ఆ చెంబిలా అందుకో" అంది.

శీనూ, నాకు ఒళ్లు ఝల్లుమంది. మో, కా, లు! మూడక్షరాలూ ఉన్నాయి. నేను అరిచిన అరుపుకి అత్తయ్య మళ్లీ కూర్చుండిపోయింది. బుజ్జి మామ్మ మోకాలికి దణ్ణం పెట్టింది!

తర్వాత నాకు నిద్రపట్టలేదు. నా జల్లెడలోంచి అది ఎలా జారిపోయింది? మధ్యలో దీర్ఘం ఉండదని నేనే కదా కొట్టేశాను. మోకాలు మాట లోపల ఇంకో మాట ఉంది, కాలు. అది తన దీర్ఘం వదులుకోకుండా వచ్చి కూర్చుంది. అంటే నా 90 లెక్క విడి మాటలకే పనికొస్తుంది. రెండు మాటలు అతుక్కున్నచోట పనికిరాదు. కలాపి లాంటి సంస్కృతం మాటలకీ పనికిరాదు. ఈసారి ఇలాంటిది ఆడితే ముందు కాలు, మేలు, కల, మూల లాంటి రెండక్షరాల మాటలు పేర్చుకుని, మిగిలిన అక్షరాన్ని వాటి ముందోసారి, వెనకోసారి పెట్టి చూస్తాను. అలా చూస్తే మోకాలు ముందే దొరికేది. మేలు వెనక కో పెడితే మేలుకో కూడా వచ్చింది. కానీ దాన్ని మాస్టారు కొట్టేశారు, నిఘంటువులో తలపదం మేలుకొను అని. బుజ్జి ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు. నాకూ కొంచెం...

సరే, మొత్తం 16 మాటలు. క్లాసులో ఇంకెవరికీ మోకాలు రాలేదట.

ఇక నిన్ను అడగాల్సింది. ఆరు వరసల్లో అయిదు నిండాయి. ల-మ-క గడి మాత్రం ఖాళీ. లేమికి అని అత్తయ్య అంది, "కలిమి లేములు కావడి కుండలు, కలిమి రాశారుగా, లేమిని ఎందుకు వదిలేశారు" అని. ఎంత బాగా పట్టిందో చూడు. కానీ లేమికి విభక్తి ఉంది, చెల్లదు. రాత్రిళ్లు లమక, లామకి, లుముకు అని గొణుక్కుంటున్నాను. మన హాస్టల్లో నువ్వు దుప్పటి కింద టార్చిలైటుతో చేసేవాడివే, ఆ పని మళ్లీ మొదలుపెట్టు. మీ వైపు మాండలికంలో ఏదైనా ఉందేమో మీ నాన్నగారిని కూడా అడుగు, పొలం మాటలూ మగ్గం మాటలూ ఆయనకి బాగా తెలుసు కదా. అప్పట్లో ఆయన ఒకసారి మనిద్దరికీ...

అదిగో, అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో వచ్చేసింది. దారిలో డబ్బాలో పడేస్తాను. దొరికితే ఉత్తరం దాకా ఆగకు, ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

నీ
రాముడు