పన్ను కట్టారు, మాకు క్రెడిట్ రాలేదు: ఫిబ్రవరి బిల్లుపై ఫిర్యాదు

తేదీ: 22 ఏప్రిల్ 2025

మేనేజర్ గారికి,
అకౌంట్స్ విభాగం, ఫ్యాన్ల హోల్‌సేల్ సంస్థ

విషయం: 06-02-2025 నాటి 100 సీలింగ్ ఫ్యాన్ల బిల్లు మా జీఎస్టీఆర్-2బిలో కనిపించకపోవడం, ₹21,600 ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోవడం

అయ్యా,

పై బిల్లు కోసం మార్చి 14న వచ్చిన 2బిలో, అంటే మాకు అమ్మినవారు చూపిన బిల్లుల పట్టికలో చూశాం, ఏప్రిల్ 14న వచ్చినదాంట్లోనూ చూశాం. రెండిట్లోనూ లేదు. ఫిబ్రవరిలో మీరు ఇచ్చిన మిగతా రెండు బిల్లులు మాత్రం వచ్చాయి. కాబట్టి మీరు రిటర్ను వేయకపోవడం కాదు, ఈ ఒక్క బిల్లే వేరే చోటికి పోయింది.

ఫోన్ చేస్తే మీ అకౌంటెంటు గారు "పన్ను మేం కట్టేశాం, బిల్లు మీ దగ్గరుంది, క్రెడిట్ తీసేసుకోండి" అన్నారు. బిల్లు చేతిలో ఉండి, సరుకు అందినంత మాత్రాన ఇప్పుడు సరిపోదు. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవారు తమ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపి, అది కొన్నవారి 2బిలోకి వస్తేనే క్రెడిట్. లేనిదాన్ని నెలనెలా పన్ను కట్టే 3బి రిటర్నులో తీసుకుని వాడేస్తే తర్వాత వడ్డీతో కట్టాల్సింది మేమే.

ఇందులో మాకు పడే దెబ్బ ఎంతో లెక్క వేసి చూపుతున్నాం. మీ కొనుగోలు ధర మాకు తెలియదు. ఫ్యాక్టరీ మీకు ఫ్యాన్ ₹1,000కు ఇచ్చిందనుకుందాం. వంద ఫ్యాన్లకు 18 శాతం చొప్పున ఫ్యాక్టరీ మీ దగ్గర ₹18,000 పన్ను తీసుకుని జమ చేస్తుంది. మీరు మాకు ఫ్యాన్ ₹1,200కు ఇచ్చి ₹21,600 పన్ను బిల్లులో వేశారు. అందులో ఫ్యాక్టరీకి ఇచ్చిన ₹18,000 తగ్గించుకుని మీరు కట్టేది ₹3,600. మేం ₹1,500కు అమ్మి కస్టమర్ల దగ్గర ₹27,000 తీసుకుంటాం. మీ బిల్లులోని ₹21,600 పోగా ₹5,400 కడితే చాలు. ముగ్గురివీ కలిపితే సరిగ్గా ₹27,000. భారం కస్టమరుదే, మనం మధ్యలో చేతులు మార్చేవాళ్లం మాత్రమే.

మీ బిల్లు 2బికి రాకపోతే మేం ₹27,000 మొత్తం నగదుగా కట్టాలి. అప్పుడు అవే ఫ్యాన్ల మీద ప్రభుత్వానికి ₹48,600 చేరుతుంది. వంద ఫ్యాన్ల మీద మాకు మిగిలే ₹30,000లో ₹21,600 పోతే ₹8,400తో షాపు అద్దె, జీతాలు వెళ్లదీయాలి.

తప్పు ఎక్కడ జరిగిందో బిల్లులోనే ఉంది. మా జీఎస్టీ నంబరులో పద్నాలుగో అక్షరం Z. ఈ బిల్లులో అక్కడ 2 పడింది. మిగతా రెండు బిల్లుల్లో సరిగానే ఉంది కాబట్టి, మీ సాఫ్ట్‌వేర్‌లో మా పేరు మీద రెండో లెడ్జరు తెరిచి ఉంటారు. చివరి అక్షరం లెక్కతో సరిచూసే నంబరు కనుక అలాంటి తప్పును పోర్టల్ ఒప్పుకోదు. అప్పుడు బిల్లును బీ2సీలో, అంటే జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారుల మొత్తంలో కలిపేశామని మీ అకౌంటెంటు గారే చెప్పారు. అందుకే పన్ను ఖజానాకు చేరింది, మా పేరు మీదికి మాత్రం రాలేదు.

ఫిబ్రవరి 3బి వేసేశారు కాబట్టి ఆ నెల జీఎస్టీఆర్-1ను దిద్దుకునే జీఎస్టీఆర్-1ఏ దారి మూసుకుపోయింది. ఇక మే 11లోపు వేసే ఏప్రిల్ జీఎస్టీఆర్-1లోనే సరిచేయాలి. టేబుల్ 10లో ఫిబ్రవరి బీ2సీ మొత్తం నుంచి ₹1,20,000 విలువను, దాని పన్నును తగ్గించండి. అదే రిటర్నులో టేబుల్ 4ఏలో మా సరైన నంబరుతో, పాత బిల్లు నంబరు, పాత తేదీతోనే ఈ బిల్లు ఎక్కించండి. మొదటిది మరిచి రెండోది మాత్రమే చేస్తే అదే అమ్మకం మీద మీరు రెండుసార్లు పన్ను కట్టినట్టవుతుంది. నంబరు సరిచేసిన బిల్లు కాపీ కూడా పంపండి.

"కొత్త బిల్లు రాసిచ్చేస్తాం" అనే మాట కూడా వచ్చింది. దయచేసి వద్దు. సరుకు ఫిబ్రవరిలోనే ఈ-వే బిల్లు మీద వచ్చింది. సరుకు కదలకుండా రెండో బిల్లు పుడితే ఇద్దరం సంజాయిషీ చెప్పుకోవాలి.

సరుకు విలువ ₹1,20,000 ఇప్పటికే చెల్లించాం. పన్ను భాగం ₹21,600 మాత్రం ఆపాం. మే 14న వచ్చే 2బిలో బిల్లు కనబడిన రోజే బదిలీ చేస్తాం. మాకూ ఎక్కువ రోజులు ఆపుకునే ఉద్దేశం లేదు, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో, అంటే ఆగస్టు 5లోగా మీకు పూర్తిగా చెల్లించకపోతే ఆ మేరకు క్రెడిట్ మేమే వెనక్కి కట్టాలి. 2024-25 బిల్లుల మీద క్రెడిట్‌కు చివరి గడువు 2025 నవంబరు 30, వార్షిక రిటర్ను ముందే వేస్తే ఆ రోజే. అంతవరకు చూద్దాంలే అనుకోకండి, ఈలోగా ప్రతి నెలా 20న నగదు కట్టేది మేమే.

ఏప్రిల్ జీఎస్టీఆర్-1 వేసిన వెంటనే టేబుల్ 4ఏ, 10 కాపీలు పంపగలరు.

ఇట్లు,
ప్రొప్రయిటర్, ఎలక్ట్రికల్ షాపు

జతపరిచినవి: ఫిబ్రవరి మూడు బిల్లులు, ఈ-వే బిల్లు, మార్చి 14, ఏప్రిల్ 14 నాటి 2బి ప్రతులు