మూడు పత్రాలా, మూడో పత్రమా?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మా వీధి చివర ఉండే పెద్దావిడ ఒకరు వితంతు పింఛను పనిమీద ఒక కార్యాలయానికి వెళ్లి, పూటంతా వరుసలో నిలబడి, పని కాకుండానే తిరిగొచ్చారు. నేను ఆవిడను అక్కయ్యగారూ అని పిలుస్తాను. ఏమైందని అడిగితే ఫోను నా చేతిలో పెట్టి, "మూడో కాగితం తెమ్మన్నారు తమ్ముడూ, అదే పట్టుకెళ్లాను. తీరా వెళ్తే మిగతా రెండూ ఏవమ్మా అని కసిరారు" అన్నారు. ఫోనులో వచ్చిన సందేశం ఇది: "దరఖాస్తుతో పాటు దిగువ జాబితాలోని 3 పత్రం తీసుకురావాలి." జాబితాలో ఆధార్ నకలు ఒకటి, భర్త మరణ ధ్రువీకరణ పత్రం ఒకటి, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఒకటి ఉన్నాయి. ఆవిడ మూడోదైన పాస్‌బుక్ పేజీ ఒక్కటే తీసుకెళ్లారు.

ఆవిడ తప్పు చదవలేదు. నేను ముప్పై ఏళ్లు గుంటూరులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. ఆ సందేశాన్ని నేనే చదివినా మూడో పత్రం అనే అనుకునేవాణ్ణి. తెలుగులో అంకె పక్కన పేరు ఏకవచనంలో ఉంటే అది లెక్క చెప్పదు, వరుస చెబుతుంది. 3 ప్లాట్‌ఫాం అంటే మూడో నంబరు ప్లాట్‌ఫాం. 3 ప్లాట్‌ఫాంలు అంటే మొత్తం మూడు. లాడ్జిలో "2 గదికి టీ పంపు" అంటే రెండో నంబరు గదికే వెళ్తుంది, "2 గదులకు పంపు" అంటే రెండు గదులకూ వెళ్తుంది. ఆ "లు" ఉందా లేదా అన్నదాని మీదే అర్థం తిరుగుతోంది. అలాంటప్పుడు దాన్ని వదిలేయడాన్ని అచ్చుతప్పు అని కొట్టిపారేయలేం.

పక్కనున్న తమిళంలో మాట్లాడేటప్పుడు అంకె తర్వాత పేరును ఏకవచనంలోనే ఉంచినా చెల్లుతుంది. మన భాషలో చెల్లదు. ఒకటి దాటితే వస్తువు బహువచనంలోకి వెళ్లాల్సిందే. "మూడు పుస్తకం కొన్నాను" అని మన ఇళ్లలో మూడేళ్ల పిల్లాడు కూడా అనడు. మరి నోటితో ఎవరూ అనని మాట బోర్డుల మీదికీ సందేశాల్లోకీ ఎలా వస్తోంది? అంకె వల్ల వస్తోంది. "మూడు" అని అక్షరాల్లో రాసే చెయ్యి తనంతట తానే "పత్రాలు" అని రాస్తుంది. "3" అని కొట్టినప్పుడు కంటికి అది ఒక గుర్తులా కనిపిస్తుందే తప్ప చెవికి మాటలా వినిపించదు. అందుకే ప్రూఫులు దిద్దేటప్పుడు అంకె ఉన్న ప్రతి వాక్యాన్నీ పైకి చదవడం మాకు అలవాటు చేశారు.

పైకి చదివినా అనుమానం తీరకపోతే వాక్యాన్ని ఒక ప్రశ్న అడగాలి. ఆ అంకె "ఎన్ని" అన్నదానికి జవాబా, "ఎన్నో" అన్నదానికి జవాబా? ఎన్ని పత్రాలు అంటాం, ఎన్నో పత్రం అంటాం. ప్రశ్నలోనే పేరు తన రూపం తాను చూపిస్తుంది, జవాబులోనూ అదే రూపం ఉంచితే సరి. ఎన్ని పత్రాలు? 3 పత్రాలు. ఎన్నో పత్రం? 3వ పత్రం. వరుస చెప్పదలిస్తే ఆ "వ" తప్పకుండా రాయాలి, అప్పుడే సందేహం మిగలదు. "ఎంత" అనే ప్రశ్నకు జవాబయ్యేవి కూడా కొన్ని ఉన్నాయి. ఎంత శాతం అంటాం కానీ ఎన్ని శాతాలు అనం. కాబట్టి 60 శాతం పోలింగ్ అని రాస్తే తప్పు లేదు. అర గంట, పావు కిలో, ముప్పావు గంట ఒకటికి లోపలే ఉన్నాయి, అవీ ఏకవచనంలోనే ఉంటాయి. టిఫిన్ హోటల్లో "రెండు ఇడ్లీ, రెండు టీ" అని కేక వేయడం వేరు. అది నోటిమాట సౌకర్యం, దాన్ని దిద్దమని నేను అడగడం లేదు.

ఒకటితో ముగిసే పెద్ద అంకెల దగ్గర మాత్రం చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. 21 లో చివర ఒకటి ఉంది కదా అని "21 రోజు దీక్ష" అని కరపత్రంలో వేసి తెచ్చినవాళ్లు ఉన్నారు. పైకి చదవండి, ఇరవై ఒక్క రోజుల దీక్ష అనే వస్తుంది. గుడి రసీదు మీద నూట ఒక్క రూపాయలు అంటాం, రూపాయి అనం. మొత్తం అంకె ఒకటే అయినప్పుడే ఏకవచనం, ఒకటితో ముగిస్తే సరిపోదు.

ఇంతకంటే ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు ఇంకొకటుంది. అక్కడ తప్పు తేలిగ్గా దొరకదు కూడా. "10 రూపాయి నోటు", "100 మీటరు పరుగుపందెం", "6 నెల కోర్సు", "3 లక్ష రుణం". ఇవన్నీ మన ఊళ్లో ఫ్లెక్సీల మీద చూసినవే. వీటిని ఇంగ్లీషు కాగితం ముందు పెట్టుకుని మాటకు మాట దించారని చూడగానే తెలుస్తుంది. ఇంగ్లీషులో ఇలాంటి చోట కొలత మాట ఏకవచనంలో ఉంటుంది, వాళ్ల పద్ధతి అది. మనకు పది రూపాయల నోటు, వంద మీటర్ల పరుగు, ఆరు నెలల కోర్సు, మూడు లక్షల రుణం. ఇక్కడ అంకె లెక్కపెడుతున్నది నోటును కాదు, రూపాయలను. నోటు ఒకటే, కాబట్టి అది ఏకవచనంలో ఉంది. రూపాయలు పది, కాబట్టి అవి "రూపాయల" అయ్యాయి. ఎన్ని రూపాయల నోటు, ఎన్ని నెలల కోర్సు అని అడిగి చూస్తే ఇదీ తేలిపోతుంది. ఆ నోట్లు అయిదు ఉంటే "అయిదు పది రూపాయల నోట్లు" అని రెండు అంకెలూ తమ తమ పేర్లను పట్టుకుంటాయి.

మన మిర్చి యార్డు వార్తల్లోంచే ఒక ఉదాహరణ చెబుతాను. అక్కడ మిర్చి బస్తాను టిక్కీ అంటారు కదా. "యార్డుకు 50 వేల టిక్కీలు వచ్చాయి" అన్నా సరే, "50 వేల టిక్కీల మిర్చి వచ్చింది" అన్నా సరే. మొదటిదాంట్లో వచ్చినవి టిక్కీలు, అందుకే "వచ్చాయి". రెండోదాంట్లో వచ్చింది మిర్చి, టిక్కీలు దాని కొలత మాత్రమే, అందుకే "వచ్చింది". ఈ రెండూ కలిసిపోయి "50 వేల టిక్కీ మిర్చి వచ్చాయి" అని అచ్చయితే పేరూ చెడింది, క్రియా చెడింది. వేల సంగతి కూడా చూడండి. వెయ్యి టిక్కీలు అన్నప్పుడు వెయ్యి ఒకటే, టిక్కీలు మాత్రం చాలా. రెండు వేల టిక్కీలు అన్నప్పుడు వెయ్యి కూడా "వేల" అవుతుంది. లక్ష, కోటి కూడా ఇంతే. "3 లక్ష" అని రాసినచోట లెక్కపెడుతున్నది లక్షలను అన్న సంగతి మరిచారన్నమాట.

మనుషుల దగ్గరికి వస్తే అంకె రూపమే మారిపోతుంది. అదే కార్యాలయంలో టోకెన్ బోర్డు మీద "మీ ముందు 1 వ్యక్తులు ఉన్నారు" అని వెలిగిందని అక్కయ్యగారు చెప్పారు. తర్వాత నేను వెళ్లి చూశాను. కాసేపటికి "2 వ్యక్తులు" అని కూడా వచ్చింది. పైకి చదివితే "రెండు వ్యక్తులు". రెండు గేదెలు అంటాం, రెండు బళ్లు అంటాం, మనుషుల్ని మాత్రం ఇద్దరు అంటాం. ఆ తర్వాత ముగ్గురు, నలుగురు, ఏడుగురి దాకా ఇదే వరస. ఎనిమిది నుంచి ఇవాళ వాడుకలో "మంది" వస్తుంది, ఎనిమిది మంది, ఇరవై మంది అని. ఆ "మంది" తర్వాత పేరు కూడా బహువచనంలోనే ఉండాలి, పది మంది రైతులు, నూట ఒక్క మంది విద్యార్థులు అని. "2 మంది" అని అంకె వేసి "ఇద్దరు" అని చదువుకోమనడం కంటే అక్షరాల్లో "ఇద్దరు" అని రాయడమే సుఖం.

ఈ బోర్డుల తప్పు ఎక్కడ పుడుతుందో సాఫ్ట్‌వేర్ పని చేసే మా మేనల్లుణ్ణి అడిగి తెలుసుకున్నాను. వాక్యం ముందే రాసి పెట్టి, అంకె ఉండాల్సిన చోట ఖాళీ వదులుతారట. రాసినవాడు ఒక అంకె మాత్రమే మనసులో పెట్టుకుని రాస్తాడు. అయిదు అనుకుని రాస్తే ఒకటి వచ్చిన రోజు "1 రోజులు" అవుతుంది. ఒకటి అనుకుని రాస్తే మూడు వచ్చిన రోజు "3 పత్రం" అవుతుంది. దీనికి మందు కూడా ఉంది. ఏ భాషలో ఏ అంకెకు ఏ రూపం వాడాలో, కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకూ ప్రమాణాలు తయారుచేసే యూనికోడ్ వాళ్లు సీఎల్‌డీఆర్ అనే పట్టికలో పెట్టారు. అందులో తెలుగుకు రెండే గదులు. సరిగ్గా 1 అయితే ఒక వాక్యం, సున్నాతో సహా మిగతా అన్నిటికీ ఇంకో వాక్యం. అంటే "ఒక రోజు మిగిలింది" అని ఒకటి, "5 రోజులు మిగిలాయి" అని ఒకటి, విడివిడిగా రాసి పెట్టాలి. అలా చేస్తే క్రియ కూడా దానంతటదే సరిపోతుంది. వస్తువులకు ఈ రెండు గదులు చాలు. మనుషుల ఇద్దరు, ముగ్గురు వరస మాత్రం వాటిలో పట్టదు, దాన్ని తెలుగువాళ్లే ఏడు దాకా చేత్తో రాసుకోవాలి. ఏడు మాటలు టైపు చేయడం పెద్ద పనేమీ కాదు.

బోర్డు పెట్టే ముందు ఎవరైనా కూర్చుని ఆ ఖాళీలో 0, 1, 2, 8, 21 వేసి అయిదు సార్లు పైకి చదివితే నేను పైన చెప్పినవాటిలో చాలా తప్పులు అక్కడికక్కడే దొరుకుతాయి. జిల్లాలో తెలుగులో సందేశాలు పంపే ప్రతి కార్యాలయం వాళ్లూ ఈ పని చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీకూ ఒక విన్నపం. కార్యాలయాల నుంచి వచ్చే ప్రకటనల్ని వచ్చినవి వచ్చినట్టు వేయకండి. "5 మహిళ", "3 లక్ష" లాంటివి మీ బల్ల మీదే ఆపి, దిద్ది, పంపినవారికి కూడా తెలియజేయండి.

అక్కయ్యగారికి వచ్చిన సందేశం ఇప్పటికీ అదే రూపంలో వెళ్తోంది. మా పక్కవీధిలో మరొకావిడకు మొన్న వచ్చింది. కార్యాలయం వాళ్లు దాని బదులు ఈ వాక్యం వాడుకోవచ్చు: "దరఖాస్తుతో పాటు దిగువ రాసిన మూడు పత్రాలూ తీసుకురావాలి." మూడు అని అక్షరాల్లో రాశాను. "పత్రాలూ" అని దీర్ఘం కూడా ఉంచాను, ఒక్కటి కూడా వదలకుండా మూడూ తేవాలని దాంతో తెలుస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్,
బ్రాడీపేట, గుంటూరు