వార్షిక నివేదిక: కాగితం వయసు, బొమ్మ వయసు

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పుట్టిందో, ఏం చేస్తుందో మీకు తెలిసినదే కనుక ఈ ఏడు జరిగిన పనుల దగ్గరికే నేరుగా వస్తున్నాను. ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల పద్య పోటీ, పాత పుస్తకాల సేకరణ ఎప్పటిలాగే జరిగాయి. హాలు అద్దె తీసుకోకుండా ఇచ్చిన టి. నగర్ కల్యాణమండపం వారికి, పోటీకి బహుమతులు సమకూర్చిన దంపతులకు, ప్రతి సమావేశానికీ కాఫీ ఫ్లాస్కులతో వచ్చే మన పెద్దక్కగారికి మనఃపూర్వక కృతజ్ఞతలు.

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవలసినది జనవరిలో జరిపిన పాత చిత్రాల పరిశీలన. ఇళ్లలో పటాలు కట్టించి పెట్టుకున్న చిన్న చిత్రాలను తెస్తే, అవి నిజంగా పాతవో, యాత్రికులకు అమ్మడానికి ఈమధ్య వేసిన నకళ్లో చూద్దామని పిలిచాం. అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది ఒక తోడి రాగిణి, అంటే తోడి రాగాన్ని స్త్రీ రూపంలో చూపే చిత్రం. వీణ పట్టుకున్న స్త్రీ, చుట్టూ జింకలు, పైన మబ్బులు. తెచ్చిన సభ్యురాలు, "మా మామగారు హైదరాబాదులో కొన్నారండీ, నవాబుల కాలం నాటిదని చెప్పేవారు" అన్నారు. వెనకవైపు ఉర్దూ రాత, అంచుల్లో పురుగు తిన్న రంధ్రాలు, పసుపు తిరిగిన కాగితం. చూడగానే మాలో సగం మంది పాతదేనన్నారు.

ముందుగా చీకటి గదిలో అతినీలలోహిత టార్చితో చూశాం. గత శతాబ్దం నడుమ నుంచి కాగితానికి తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. ఈ కాగితం ఎక్కడా మెరవలేదు. కాగితం నిజంగానే పాతది. మోసం కూడా అక్కడే ఉంది. జైపూరు, ఉదయపూరుల్లో నకళ్లు వేసేవారు పాత ఖాతా పుస్తకాల పుటలు, వాడేసిన పాత స్టాంపు కాగితాలు కొని వాటిమీదే బొమ్మలు వేస్తారు. కాగితం వయసు తేలినంత మాత్రాన బొమ్మ వయసు తేలినట్టు కాదు. ఈ మాట సభలో నేను మూడుసార్లు చెప్పవలసి వచ్చింది.

తర్వాత అంచులు చూశాం. విడి చిత్రాలకు పాత చిత్రకారులు వాడిన వస్లీ అనేది రెండు మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాగితాలను పిండి జిగురుతో అతికించి, అకీకు రాయితో రుద్ది నునుపు చేసిన అట్ట. అది పాతబడితే మూల దగ్గర పొరలు విచ్చుకుంటాయి. ఈ తోడికి ఒకే పొర ఉంది. అంతమాత్రాన నకలని తీర్పు చెప్పలేం, ఎందుకంటే రాతప్రతుల్లో బొమ్మలు ఒంటి కాగితం మీద కూడా ఉంటాయి. కాకపోతే అక్కడ రాతకూ బొమ్మకూ సంబంధం ఉండాలి. ట్రిప్లికేను నుంచి వచ్చిన ఒక ఉర్దూ మాష్టారు వెనకవైపు చదివి, అది ఏదో గ్రామం కౌలు లెక్క అన్నారు. అంచు దగ్గర వాక్యాలు సగం మాటలో తెగిపోయాయి. బొమ్మకు తగ్గ కొలతకు ఖాతా పుటను కత్తిరించారన్నమాట. పాత చిత్రాలు కూర్చిన ఆల్బముల్లోనూ బొమ్మ వెనక సంబంధం లేని రాత కనబడుతుంది కానీ, అది అందమైన దస్తూరీతో, ప్రత్యేకంగా అతికించి, చుట్టూ హాషియా అనే అలంకారపు అంచు కట్టి ఉంటుంది. కౌలు లెక్కను ఎవరూ అలా అలంకరించరు.

అసలు సాక్ష్యం పురుగు ఇచ్చింది. బొమ్మ వేసిన తర్వాత పురుగు తింటే రంగు, కాగితం కలిసే తెగుతాయి. రంధ్రం గోడల్లో ఒట్టి కాగితం కనిపిస్తుంది. ఇక్కడ పదిరెట్లు పెంచి చూపే భూతద్దంలో చూస్తే ఆకాశపు నీలం రంధ్రంలోకి దిగి గోడలకు అంటుకుంది, వెనకవైపు రంధ్రం చుట్టూ సన్నని నీలి వలయం కూడా ఉంది. అంటే రంధ్రాలు ముందు, రంగు తర్వాత. నడిమి మడతలోనూ ఇంతే. పాత బొమ్మను మడిస్తే రంగు పెళుసై రాలుతుంది. ఇక్కడ రంగు మడతలో నిలిచి మందంగా ఎండింది.

నగల బంగారం విషయానికి వస్తే, పాతవారు రేకును జిగురుతో నూరి పూసి, ఆరాక రాయితో మెరుగు పెట్టి, కొన్నిచోట్ల సూదితో చుక్కలు పొడిచేవారు. అసలు బంగారానికి చిలుము పట్టదు. ఈ నగలు భూతద్దంలో విడివిడి పొలుసులుగా, అంచుల్లో ఆకుపచ్చగా మాసి కనిపించాయి. రాగి కలిసిన పొడికి మన సముద్రగాలిలో అలాగే అవుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మంచి పనివాళ్లు ఈనాటికీ అసలు బంగారమే వాడతారు. కాబట్టి ఇత్తడి పొడి అనుమానం పెంచుతుంది కానీ, బంగారం ఉన్నంత మాత్రాన పాతదని రుజువు కాదు.

ఇక తెలుపు. ఒక కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకులు తమ ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రంతో, బొమ్మనుంచి రవ్వ కూడా తీయకుండా, తెలుపు రంగులో ఏ మూలకాలున్నాయో చూసి పెట్టారు. ఒక్కచోట చూస్తే తర్వాతి మరమ్మతు రంగు దొరకవచ్చు గనుక ముత్యాలు, మబ్బు, వీణ దిమ్మ మీది గీత, మూడుచోట్లా చూడమని అడిగాం. మూడింటిలోనూ టైటానియం వచ్చింది, పాత తెలుపుల్లో తరచూ ఉండే సీసం రాలేదు. టైటానియం తెలుపు బజారులోకి వచ్చింది 1916 తర్వాతే. బొమ్మంతటా అదే ఉంటే బొమ్మ అంతకు ముందుది అనడానికి చోటు లేదు. ఆ అధ్యాపకులకు సంఘం ఎంతో రుణపడి ఉంది.

ఆరోజే మరొకరు పారేద్దామనుకుంటున్న చిరిగిన పుట తెచ్చారు. మూల దగ్గర పొరలు విచ్చుకున్నాయి, రాగి చిలుముతో చేసిన పచ్చరంగు కాగితాన్ని తినేసి వెనకవైపుకు గోధుమరంగు మచ్చగా దిగింది. దుస్తుల పసుపు టార్చి వెలుగులో ప్రకాశించింది. అది పియోరి అనే పాత పసుపు రంగు కావచ్చు. మామిడాకులు మేపిన ఆవుల మూత్రం నుంచి దాన్ని తీస్తారని బీహారులోని ముంగేరు దగ్గర చూసినట్టు 1883లో టి.ఎన్. ముఖర్జీ రాశారు. గత శతాబ్దం తొలి దశాబ్దాల తర్వాత అది దొరకడం మానేసింది. ఈ చిత్రాన్ని జిగురు టేపుతో అతికించవద్దనీ, పటంలో అద్దానికి తగలనివ్వవద్దనీ యజమానికి చెప్పాం. నూరేళ్లు దాటినదని తేలితే 1972 పురావస్తు చట్టం కింద నమోదు చేయించుకోవాలనీ చెప్పాం.

ఈ నమోదు విషయమై ఒక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాను. రెండుసార్లు స్వయంగా వెళ్లాను. "సంబంధిత అధికారి లేరు" అన్న జవాబు తప్ప మరేమీ రాలేదు. ఇంట్లో పురాతన వస్తువు ఉన్నవారు చట్టం పాటించాలంటే ఎవరినైనా కలవగలగాలి కదా. కార్యకర్తల విషయంలోనూ నాకు బాధే మిగిలింది. పరిశీలనకు సాయం చేస్తామని 14 మంది పేర్లిచ్చారు, వచ్చినవారు ముగ్గురు. చిత్రాలను వరుసలో పెట్టి, యజమానుల పేర్లు రాసుకుని, ఫొటోలు తీసింది ఆ ముగ్గురే. రానివారు ముందురోజు ఒక ఫోను చేసి ఉంటే వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం.

ఆదాయవ్యయాల పట్టికను కోశాధికారి సభలో చదువుతారు. చందాలు బాకీ ఉన్నవారు ఈ నెలలోపు చెల్లించగలరు. టార్చి, భూతద్దం ఖర్చు ఒక సభ్యులు భరించారు, పేరు వద్దన్నారు.

తోడి రాగిణి యజమాని చిత్రాన్ని తిరిగి గోడకే తగిలించుకున్నారు. వెనక ఒక చీటీ మీద, "పాత ఖాతా పుట మీద ఇటీవల వేసినది" అని మా ఎదుటే తన చేత్తో రాసి, మామగారి పేరు కూడా కింద రాసుకున్నారు.

కార్యదర్శి
చెన్నై